86 ఫొటోలు, 8 కారణాలు

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే సైట్ ఒకటి ఉందనుకుందాం. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి రాత్రి ఏ బస్సులున్నాయో వెతకడం, కిటికీ పక్క సీటు పట్టుకోవడం, యూపీఐతో డబ్బు కట్టడం, టికెట్ ఫోన్‌కి తెచ్చుకోవడం, ప్రయాణం మానుకుంటే టికెట్ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి రాబట్టుకోవడం, ఇవన్నీ అందులో జరగాలి. ప్రోగ్రామర్లు రోజూ దాంట్లో ఏదో ఒకటి మారుస్తూనే ఉంటారు. ఒక చోట చెయ్యి పెడితే మరో చోట చెడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయా అని మనుషులు కూర్చుని చూడాలంటే రోజులు పడుతుంది కాబట్టి ఆ పని ఒక ప్రోగ్రామ్‌కి అప్పగిస్తారు. అది రాత్రి రెండింటికి బ్రౌజర్ తెరిచి, మనిషి నొక్కినట్టే బటన్లు నొక్కి, రావాల్సింది తెర మీదికి వచ్చిందో లేదో చూస్తుంది. ఇలాంటి ఒక్కొక్క పరీక్షను టెస్ట్ అంటారు. మన సైట్‌కి 412 టెస్టులున్నాయనుకుందాం.

టెస్ట్ ఫెయిలైన క్షణంలో తెర ఎలా ఉందో ఒక ఫొటో తీసి ఫోల్డర్‌లో దాచమని ఆ ప్రోగ్రామ్‌కి చెప్పి ఉంచుతారు. 2004లో మొదలై ఇప్పటికీ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే సెలీనియం అయినా, 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ అయినా ఈ పని చేయగలవు. పొద్దున ఆఫీసుకి వచ్చిన టెస్టర్ ఫోల్డర్ తెరిస్తే 86 ఫొటోలున్నాయి. పదింటికి టీమ్ కాల్. ఏ మాడ్యూల్‌లో ఎన్ని ఫెయిలయ్యాయి, వాటిలో నిజంగా చెడినవెన్ని, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే నిలకడలేనివెన్ని అన్నది ఆమె ఆ లోపు చెప్పాలి. ఈ రెండో రకాన్ని టెస్టింగ్ రంగంలో ఫ్లేకీ టెస్టులంటారు.

మాడ్యూల్ అంటే సైట్‌లో ఒక విభాగం. మనకు ఆరున్నాయి: లాగిన్, వెతకడం, సీటు, పేమెంట్, టికెట్, రద్దు. ఫొటోలకు పద్ధతిగా పేర్లు పెట్టి ఉంటే లెక్క కట్టడానికి నిమిషం చాలు. మొదట మాడ్యూల్ పేరు, తర్వాత టెస్ట్ పేరు, చివర అది ఎన్నో ప్రయత్నమో:

```
payment_upi-success_try1.png
payment_upi-success_try2.png
payment_upi-success_try3.png
seat_hold-timer_try1.png
```

లినక్స్‌లో ఒక్క వాక్యంతో మాడ్యూల్ వారీ లెక్క వచ్చేస్తుంది.

```
ls *.png | cut -d_ -f1 | sort | uniq -c
```

లాగిన్ 1, వెతకడం 15, సీటు 17, పేమెంట్ 42, టికెట్ 9, రద్దు 2. కొత్తగా చేరిన టెస్టర్లు చాలామంది ఇక్కడే ఆగిపోయి ఈ ఆరు అంకెల్ని రంగుల గ్రాఫ్‌గా గీసి పంపేస్తారు. గ్రాఫ్ చూసిన మేనేజర్‌కి పేమెంట్ తగలబడిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆ లెక్కలో కూడిక తప్పు లేదు గానీ లెక్కపెట్టిన వస్తువే వేరు.

ఫెయిలైన టెస్ట్‌ను వెంటనే మళ్లీ నడపమని చాలా టీములు సెట్టింగ్ పెట్టుకుంటాయి. ప్లేరైట్‌లో అది `retries: 2` అన్న ఒక్క లైను. మొదటిసారి ఫెయిలైతే ఇంకో రెండుసార్లు ప్రయత్నిస్తుంది. మూడుసార్లూ ఫెయిలైన టెస్ట్ మూడు ఫొటోలు వదులుతుంది. మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసైనది ఒకటే వదులుతుంది. అంటే మనం లెక్కపెట్టింది ప్రయత్నాల్ని, టెస్టుల్ని కాదు. పేమెంట్ ఫొటోలు 42 అయినా టెస్టులు 14. వెతకడంలో 5, టికెట్‌లో 3. సీటు దగ్గర 17 ఫొటోల వెనక 11 టెస్టులున్నాయి: ఏడు ఒక్కసారి ఫెయిలై లేచాయి, రెండు రెండేసిసార్లు ఫెయిలై మూడోసారి లేచాయి, రెండు మూడుసార్లూ ఫెయిలయ్యాయి. లాగిన్‌లో ఒకటి, రద్దులో రెండు ఒక్కోసారి తడబడి పాసయ్యాయి. మొత్తం 36 టెస్టులు.

ఇంకో లోటు కూడా ఉంది, అది మొదటిదాని కంటే లోతైనది. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఫెయిలైన క్షణాల ఫొటోలే. ఫోల్డర్ పెరిగిపోకుండా `screenshot: 'only-on-failure'` అని పెట్టుకుంటారు కాబట్టి పాసైన ప్రయత్నం ఏ ఆనవాలూ వదలదు. ఒక టెస్ట్ ఫ్లేకీ అని చెప్పాలంటే అది పాసైనట్టు కూడా సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఫొటోల్లో దొరకదు, టెస్ట్ రన్ రాసిపెట్టే ఫలితాల ఫైల్‌లో ఉంటుంది. సాధారణంగా అది `junit.xml` అన్న పేరుతో ఉంటుంది. అందుకని తెలిసిన టెస్టర్ ముందు ఆ ఫైల్ తెరిచి, ప్రతి టెస్ట్ ఆఖరికి పాసైందా ఫెయిలైందా అన్నది పట్టుకుని, ఆ తర్వాతే ఫొటోల్ని ఒక్కోదాని పక్కన పెట్టుకుంటుంది. అలా చూస్తే మన 36లో 24 మూడుసార్లూ ఫెయిలైనవి, 12 తడబడి లేచినవి.

ఇప్పుడు ఆ 24 దగ్గరికి వద్దాం. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పోతే పద్నాలుగు ఇళ్ల వాళ్లు కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తారు. రిజిస్టర్‌లో పద్నాలుగు ఫిర్యాదులు నమోదైనా లైన్‌మన్ ఎక్కాల్సిన స్తంభం ఒకటే. పేమెంట్ ఫొటోల్ని వరసగా తిప్పి చూస్తే జరిగింది అదేనని తెలుస్తుంది. 13 టెస్టుల ఫొటోలు కవల పిల్లల్లా ఉన్నాయి: తెల్లటి పేజీ, మధ్యలో `503 Service Unavailable`. డబ్బు తీసుకునే గేట్‌వే సంస్థ ప్రయోగాల కోసం ఒక ఉత్తుత్తి సర్వర్ ఇస్తుంది. రాత్రి అది పని చేయలేదు. మన సైట్‌లో ఏ తప్పూ లేదు.

అయితే పద్నాలుగోది వేరు. దాని ఫొటోలో 503 లేదు. మొత్తం చూపే పేజీ దగ్గరే టెస్ట్ ఆగిపోయింది. 900 రూపాయల టికెట్‌కి 100 రూపాయల కూపన్ వాడితే 800 రావాలి, తెర మీద 700 ఉంది. కూపన్ రెండుసార్లు కోసుకుంది. కంపెనీకి రోజూ డబ్బు పోయే తప్పు ఇది. "పేమెంట్: 14 ఫెయిల్, కారణం గేట్‌వే" అని గుంపుగా రాసేస్తే ఆ గుంపులో ఇది మాయమైపోయేది. మాడ్యూల్ వారీ లెక్క మీద నాకున్న ప్రధాన ఫిర్యాదు ఇదే. మాడ్యూల్ అన్నది తప్పు కనిపించిన చోటు. తప్పు పుట్టిన చోటు అదే కావాలని ఏమీ లేదు.

కాబట్టి మాడ్యూల్ లోపల ఇంకో విభజన చేయాలి. ప్రతి ఫెయిల్యూర్‌కీ వేలిముద్ర లాంటిది తయారుచేసుకోవాలి: ఏ ఎర్రర్ సందేశం వచ్చింది, టెస్ట్ కోడ్‌లో ఏ లైను దగ్గర ఆగింది, అప్పుడు తెర ఎలా ఉంది. సందేశంలో ఊరికే మారిపోయే ముక్కల్ని ముందు తీసేయాలి. "14బి సీటు నొక్కడానికి వీలు కాలేదు", "9ఎ సీటు నొక్కడానికి వీలు కాలేదు" అన్నవి రెండు కారణాలు కావు. సీటు నంబర్లు, బుకింగ్ నంబర్లు, టైములు తుడిచేస్తే రెండూ ఒకటే వాక్యం అవుతాయి. ఈ పని చేసే చిన్న స్క్రిప్ట్ ప్రతి టీమ్ దగ్గరా ఎక్కడో ఒక మూల ఉంటుంది.

ఫొటోల్ని కూడా యంత్రం చేతే గుంపులు కట్టించవచ్చు. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, తొమ్మిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తుకి కుదించి, ప్రతి చుక్కా దాని పక్క చుక్క కంటే వెలుతురుగా ఉందా లేదా అని చూస్తే 64 అవును-కాదు జవాబులొస్తాయి. రెండు ఫొటోల జవాబులు దాదాపు కలిస్తే అవి ఒకేలాంటి ఫొటోలు. 503 పేజీలన్నిటినీ ఒక కుప్పగా చేయడానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ అంత చిన్నదిగా కుదించాక 800కీ 700కీ తేడా మిగలదు. సరైన మొత్తం చూపిన పేజీ, తప్పు మొత్తం చూపిన పేజీ దానికి ఒకటే. కుప్పలు కట్టడం వరకు యంత్రానికి వదిలేసి, ఒక్కో కుప్పలోంచి ఒకటి రెండు ఫొటోల్ని, ఏ కుప్పలోనూ ఇమడని ఒంటరి ఫొటోలన్నిటినీ మనిషి కళ్లతో చూడాల్సిందే. మన కూపన్ ఫొటో అలాంటి ఒంటరిదే.

మిగతా పదీ ఇలాగే విప్పితే, టికెట్‌లో మూడు టెస్టుల ఫొటోల్లోనూ టికెట్ మీద సీటు నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. ఒకటే కారణం, అసలు సిసలు తప్పు. సీటు మాడ్యూల్‌లో మూడుసార్లూ ఫెయిలైన రెండింటిలో బస్సంతా బూడిద రంగులో ఉంది. టెస్టుల కోసం పెట్టుకున్న ఉత్తుత్తి బస్సులో సీట్లన్నీ ముందు నడిచిన టెస్టులే కొనేశాయి. వెనకొచ్చిన ఈ రెండింటికీ సీటు మిగల్లేదు. ఈ రెండూ విడిగా నడిపితే పాసవుతాయి, మిగతావాటి తర్వాత నడిపితే ఫెయిలవుతాయి. అందువల్ల వీటిని ఫ్లేకీ అని పొరబడే వాళ్లుంటారు. నిజానికి ఇవి వరసని బట్టి ప్రతిసారీ ఒకేలా ప్రవర్తించేవే. ఈ రెండూ మొదలయ్యే ముందు ఆ బస్సుని ఖాళీ చేస్తే చాలు.

వెతకడంలో ఐదు మిగిలాయి. ఐదు ఫొటోల్లోనూ క్యాలెండర్ తెరిచి ఉంది, జులై 14వ తేదీ బూడిద రంగులో ఉంది, దాన్ని నొక్కబోయి టెస్ట్ ఆగిపోయింది. మూడుసార్లూ ఫెయిలైంది కాబట్టి సైట్‌లోనే తప్పు అనిపిస్తుంది. ఇక్కడ ఒక్క రాత్రి ఫలితంతో తేలదు, పాత రన్‌ల చరిత్ర కావాలి. మన టీమ్ రోజుకి రెండుసార్లు, రాత్రి రెండింటికీ మధ్యాహ్నం మూడింటికీ, టెస్టులు నడుపుతుంది. గత పది రన్‌లలో మూడు టెస్టుల చరిత్ర ఇలా ఉంది. ఎడమ వైపు పాతది, కుడి చివర నిన్న రాత్రిది. P అంటే పాస్, F అంటే ఫెయిల్.

```
search_today-bus    P F P F P F P F P F
ticket_seat-number  P P P P P P P P F F
seat_hold-timer     P P F P P P P P P F
```

మొదటి వరస చూడగానే అర్థమైపోతుంది. రాత్రి ఫెయిల్, మధ్యాహ్నం పాస్, తప్పకుండా అలాగే. టెస్టులు నడిచే సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ కాలమానం మీద ఉంటాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకి 15వ తేదీ రాత్రి రెండు గంటలైతే సర్వర్‌కి ఇంకా 14వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. టెస్ట్ సర్వర్ గడియారం చూసి "ఈరోజు బస్సు" కోసం 14ని నొక్కబోయింది. సైట్ భారత కాలమానంలో ఉంది కాబట్టి దాని లెక్కలో 14 నిన్నటి తేదీ, నొక్కనివ్వలేదు. సైట్ చేసిందే ఒప్పు, టెస్ట్ రాసిన తీరే తప్పు. మన దగ్గర అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా నడిచే టెస్టులన్నిటికీ ఈ గండం ఉంటుంది. తెల్లారి ఆఫీసుకొచ్చి మళ్లీ నడిపి చూస్తే పాసవుతుంది కనుక "ఫ్లేకీ" అని ముద్ర వేసి వదిలేస్తారు. నెలల తరబడి అలా నడిచిపోయేవి ఉంటాయి.

రెండో వరస చెప్పే కథ వేరు. ఎనిమిది రన్‌లు పాస్, ఆ తర్వాత వరసగా రెండు ఫెయిల్. గీత గీసినట్టు ఒక చోట విరిగింది. నిన్న తెల్లవారుజామున రెండింటికి బాగున్నది మధ్యాహ్నం మూడింటికి చెడింది. ఆ పదమూడు గంటల్లో కోడ్‌లో చేరిన మార్పులు చూస్తే చాలు, దొంగ దొరుకుతాడు. నిన్న మధ్యాహ్నమే ఇది తెర మీదికొచ్చింది, ఎవరూ గమనించలేదు. పాతిక ఎర్ర గుర్తుల మధ్య కొత్తగా చేరిన మూడు ఎవరి కంట పడతాయి?

ఇక మూడో వరస. పదింటిలో రెండు, ఏ క్రమమూ లేకుండా. నిన్న రాత్రి కూడా మొదటిసారి ఫెయిలై రెండోసారి పాసైంది. తడబడిన సంగతి పోకూడదని చరిత్రలో దాన్ని F గానే వేసుకుంటారు. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండా ఒకసారి ఫెయిల్, ఒకసారి పాస్ అయితేనే దాన్ని ఫ్లేకీ అనాలి. కోడ్ మారకుండా అన్నది ముఖ్యం. పది రన్‌ల చరిత్రలో కోడ్ మధ్యమధ్యలో మారుతూ ఉంటుంది, ఎవరో చెడగొట్టి ఎవరో బాగుచేసినా ఇలాంటి వరసే రావచ్చు. అందుకే చరిత్ర మీద అనుమానపడి, అదే కోడ్ మీద మళ్లీ నడిపి నిర్ధారించుకోవాలి.

ఈ మళ్లీ నడపడానికీ ఒక హద్దుంది. పదింటికి ఒకసారి యాదృచ్ఛికంగా ఫెయిలయ్యే టెస్ట్ వరసగా మూడుసార్లు ఫెయిలయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి. కాబట్టి మూడుసార్లూ ఫెయిలైతే నిజమైన తప్పే అని లెక్కలు చెప్తాయి. అయితే ఆ లెక్క మూడు ప్రయత్నాలకీ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే నిలుస్తుంది. అదే మెషీన్ మీద, అదే నిమిషంలో, అదే చచ్చిన గేట్‌వే ఎదురుగా మూడుసార్లు తలుపు తడితే మూడు సాక్ష్యాలు వచ్చినట్టు కాదు, ఒకే సాక్ష్యం మూడుసార్లు చెప్పినట్టు. మన 13 పేమెంట్ టెస్టులకు జరిగింది ఇదే. అరగంట ఆగి నడిపి ఉంటే పాసయ్యేవేమో.

ఫ్లేకీ టెస్టుల్ని అంత పట్టించుకోవాలా అనే వాళ్లకి ఒక చిన్న గుణకారం చూపించాలి. 412 టెస్టుల్లో ఒక్కొక్కటీ 200 సార్లకు ఒకసారి మాత్రమే ఊరికే ఫెయిలవుతుందనుకుందాం. అర శాతం, చాలా మంచి టెస్టులన్నమాట. అయినా మొత్తం 412 ఒకే రాత్రి పాసయ్యే అవకాశం దాదాపు 13 శాతం. సైట్‌లో ఒక్క తప్పు లేకపోయినా నూటికి 87 రాత్రులు రిపోర్ట్ ఎర్రగానే వస్తుంది. 2016లో గూగుల్ ఇంజినీర్ జాన్ మికో తమ సంస్థ లెక్కలు బయటపెట్టాడు. అక్కడ అన్ని టెస్ట్ రన్‌లలో ఫ్లేకీ ఫలితాలు ఒకటిన్నర శాతమే. కానీ అంతవరకూ పాసవుతున్న టెస్ట్ కొత్తగా ఫెయిలైనట్టు కనిపించిన సందర్భాల్లో 84 శాతం దాకా ఫ్లేకీ టెస్టుల చలవే. ఎర్ర గుర్తు చూసి పరుగెత్తిన ఇంజినీర్‌కి ఆరింట ఐదుసార్లు అక్కడ ఏమీ ఉండదు. కొన్నాళ్లకు ఆ ఇంజినీర్ పరుగెత్తడం మానేస్తాడు.

మన దగ్గర తడబడి లేచిన 12 ఉన్నాయి. వీటి ఫొటోల్ని చదవడం ఒక విద్య. ఏడు ఫొటోల్లో విచిత్రం ఉంది: ఎర్రర్ సందేశం "బటన్ కనిపించలేదు" అంటుంది, ఫొటోలో బటన్ నిక్షేపంగా ఉంది. కారణం చాలా సాదా. టెస్ట్ ఐదు సెకన్లు ఎదురుచూసి, రాలేదని తీర్పు చెప్పి, ఆ తర్వాత ఫొటో తీసింది. తీర్పుకీ ఫొటోకీ మధ్య దొరికిన ఆ కాస్త వ్యవధిలో పేజీ లోడైపోయింది. సందేశం, ఫొటో ఒకదాన్నొకటి కాదంటే అది ఫ్లేకీ అనడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. 2014లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టుల్ని ఎలా బాగుచేశారో తవ్వి చూసినప్పుడు, 45 శాతం వరకు ఇలా సరిగ్గా ఆగకపోవడం వల్ల వచ్చినవే. ఐదు సెకన్లను పది చేయడం చాలామంది చేసే వైద్యం. దానివల్ల అన్ని టెస్టులూ నెమ్మదిస్తాయి, జబ్బు తగ్గదు. టైముని బట్టి కాకుండా, తెర మీద ఫలానాది వచ్చేదాకా ఆగమని రాయాలి. అలా రాశాక కూడా తడబడితే పేజీ నిజంగానే నెమ్మదిగా ఉందేమో చూడాలి.

నాలుగు ఫొటోల్లో సీట్ల పటం మీద "మొదటి ప్రయాణానికి 20 శాతం తగ్గింపు" అన్న పెట్టె అడ్డంగా పడి ఉంది. మార్కెటింగ్ వాళ్లు ఆ పెట్టెను కొందరికే, యాదృచ్ఛికంగా చూపిస్తున్నారు. టెస్ట్‌కి అది వచ్చిన రోజు సీటు నొక్కడం కుదరదు. టెస్ట్ వాడే లాగిన్‌కి ఆ పెట్టె రాకుండా ఆపితే సరి. ఇక్కడ మాత్రం ఫొటో లేకపోతే ఎంత తల బద్దలు కొట్టుకున్నా తెలిసేది కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని టీముల్లో టెస్ట్ ముగిశాక సర్దుబాటు పనులన్నీ చేసి, లాగౌట్ అయి, ఆ తర్వాత ఫొటో తీసేలా కోడ్ రాసి ఉంటుంది. అప్పుడు ఫొటోలన్నిటిలో లాగిన్ పేజీయే కనిపిస్తుంది. అన్ని మాడ్యూళ్ల ఫొటోలూ ఒకేలా ఉన్నాయంటే ఉమ్మడి కారణం దొరికిందని సంబరపడే ముందు ఫొటో ఏ క్షణంలో తీశారో చూసుకోవాలి.

ఇంత పనీ అయ్యాక పదింటి కాల్‌లో ఆమె చెప్పేది చాలా కొంచెమే. డెవలపర్ ముందే ఆరా తీస్తాడు.

"పేమెంట్ మొత్తం పడుకుందట కదా మేడమ్?"

"మనది కాదండీ, గేట్‌వే వాళ్ల టెస్ట్ సర్వర్. అది లేచాక ఆ పదమూడూ మళ్లీ నడుపుతాను. అప్పటిదాకా పేమెంట్ బాగుందనీ చెప్పలేను, చెడిందనీ చెప్పలేను. కూపన్ మాత్రం మనదే, రెండుసార్లు తగ్గిస్తోంది. మీరు నిన్న పొద్దున పెట్టిన మార్పు తర్వాత టికెట్ మీద సీటు నంబర్ కూడా రావట్లేదు, ఒకసారి చూడండి."

రాసి పంపే రిపోర్ట్‌లోనూ మొదటి మూడు వాక్యాలు ఇవే ఉండాలని నా అభిప్రాయం. సైట్ తప్పులు రెండు: కూపన్, సీటు నంబర్. గేట్‌వే ఆగడం వల్ల తేలనివి 13. టెస్టుల వైపు తప్పులు రెండు: తేదీ, నిండిపోయిన బస్సు. మాడ్యూల్ వారీ పట్టిక ఆ కింద రావచ్చు, అందులో ప్రతి మాడ్యూల్ ఎదురుగా మూడు గడులు ఉండాలి: ఎన్ని టెస్టులు ప్రతిసారీ ఫెయిలయ్యాయి, ఎన్ని తడబడి లేచాయి, వీటి వెనక ఎన్ని కారణాలున్నాయి. పేమెంట్ ఎదురుగా 14, 0, 2. సీటు ఎదురుగా 2, 9, 4. ఒక్కో కారణానికి ఒక్క ఫొటో జత చేస్తే చాలు. ఎనభై ఆరూ జతచేసిన మెయిల్‌ని ఎవరూ తెరవరు.

సీటు ఎదురుగా నాలుగు కారణాలన్నాను. నిండిన బస్సు ఒకటి, ఆగకపోవడం ఒకటి, తగ్గింపు పెట్టె ఒకటి. నాలుగోది తడబడి లేచిన 12లో ఆఖరిది, దాని కోసమే ఫ్లేకీ కుప్పను పారేయకూడదంటాను. ఇద్దరు ఒకే సీటుని ఒకే క్షణంలో నొక్కితే ఒక్కరికే దక్కాలి అన్నది ఆ టెస్ట్. మొదటి ప్రయత్నంలో ఫెయిలైంది, రెండోసారి పాసైంది. టూల్ దాన్ని ఫ్లేకీ అని పసుపు రంగులో వేసి పక్కన పెట్టేసింది. ఫొటోలో రెండు బ్రౌజర్లు పక్కపక్కన ఉన్నాయి, రెండింట్లోనూ 7ఎ సీటు "బుక్ అయింది" అని పచ్చగా మెరుస్తోంది. సందేశానికీ ఫొటోకీ ఇక్కడ పేచీ లేదు, రెండూ ఒకే మాట చెప్తున్నాయి. ఇక్కడ తడబడింది టెస్ట్ కాదు, సైట్. సీటు ఖాళీగా ఉందా అని చూడడానికీ, బుక్ అయిందని రాసుకోవడానికీ మధ్య రెప్పపాటు సందు ఉంది. ఇద్దరూ ఆ సందులో దూరినప్పుడే తప్పు బయటపడుతుంది, మిగతా అప్పుడు ఏమీ తెలియదు. సంక్రాంతి ముందు బుకింగ్‌లు తెరిచిన రోజు వేలమంది ఒకేసారి నొక్కుతారు కాబట్టి ఆ సందులో చాలామంది దూరతారు.

దీన్ని బాగుచేసిన డెవలపర్ ఇరవైసార్లు నడిపి, అన్నీ పాసయ్యాయని చూపిస్తే ఒప్పుకోవచ్చా? ఇరవైకి ఒకసారి ఫెయిలయ్యే తప్పు, ఏమీ బాగుచేయకపోయినా, ఇరవై రన్‌లు వరసగా పాసయ్యే అవకాశం 36 శాతం ఉంది. ఆ అనుమానం 5 శాతం కిందికి దిగాలంటే దాదాపు 60 రన్‌లు వరసగా పాసవ్వాలి. ఒక్క టెస్టే కాబట్టి అరవైసార్లు నడపడానికి గంట కూడా పట్టదు. టికెట్‌ని మూసేసే ముందు టెస్టర్ ఆ అరవై రన్‌ల ఫలితాల ఫైల్ అడుగుతుంది, ఫొటోల ఫోల్డర్ ఖాళీగా ఉందన్న మాటతో సరిపెట్టుకోదు.